మందు మీద మందు

తెలుగులో ఒక చిక్కు ఉంది. డాక్టరు రాసేదీ మందే, వైన్ షాపులో కొనేదీ మందే. "నాన్న మందు వేసుకున్నారా?" అని కూతురు ఫోన్లో అడిగితే, ఏ మందు గురించి అడిగిందో గొంతును బట్టి పోల్చుకోవాలి. అరవై ఐదు దాటిన చాలామంది మగవాళ్ల విషయంలో రాత్రి తొమ్మిదింటికి దానికి జవాబు "రెండూ" అనే. తికమక లేకుండా ఇక్కడ సీసాలోదాన్ని మద్యం అనీ, స్ట్రిప్పులోదాన్ని మాత్ర అనీ అంటాను.

ఒక పెద్దాయన సంగతి తీసుకుందాం. ఈయన ఒక్క మనిషి కాదు, తరచూ కనిపించే నాలుగైదు కేసులు కలిపితే తయారైన మనిషి. వయసు 69. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. బరువు 65 కిలోలు. ముప్ఫై ఏళ్లుగా రాత్రిపూట రెండు పెగ్గుల విస్కీ, అంతకు మించి ముట్టరు. తాగి గొడవ చేయడం, తూలడం ఎరగరు. వీధిలో ఆయన్ని తాగుబోతు అని ఎవరూ అనరు.

ఆయన వేసుకునే మాత్రలు కూడా ప్రతి ఇంటి ఫ్రిజ్ మీదా కనబడేవే. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. అది చాలడం లేదని ఆరు నెలల కిందట చేర్చిన ఆమ్లోడిపిన్. షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసింది రెండు పూటలా తిండికి ముందు. ప్రోస్టేట్‌కి రాత్రి టామ్సులోసిన్. గుండెకి ఆస్పిరిన్.

ఒక రాత్రి రెండున్నరకి ఆయన బాత్రూం గడప దగ్గర పడిపోయారు. భార్య లేచి లైటు వేసి మొదట అన్న మాట: "ఇవాళ ఎక్కువేం తాగలేదే! రోజూ తాగేదే కదా."

ఆవిడ చెప్పింది నిజమే. మారింది గ్లాసు కాదు.

రెండు పెగ్గులంటే ఎంత

లెక్క గ్లాసు దగ్గరే మొదలుపెట్టాలి. బార్‌లో లార్జ్ అంటే 60 మిల్లీలీటర్లు. ఇంట్లో పోసుకునేటప్పుడు కొలత ఉండదు, గ్లాసు మీద వేలు అడ్డంపెట్టి పోయడమే. నమ్మకం లేకపోతే రోజూ పోసుకునే ఎత్తుకి నీళ్లు పోసి, దగ్గు టానిక్ మూతతో కొలిచి చూడండి. మన పెద్దాయన పెగ్గు 80 మిల్లీలీటర్లు తేలింది. రెండు కలిపి 160. మన విస్కీల్లో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. ఆ లెక్కన ఆయన ఒంట్లోకి వెళ్తున్నది దాదాపు 54 గ్రాముల అసలు ఆల్కహాల్. (బీరు తాగేవాళ్లు ఇక్కడ ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒకటి తాగితే 36 గ్రాములకు తక్కువ కాదు.)

ఈ 54 గ్రాములు ఒంట్లో ఎక్కడికి పోతాయి? ఆల్కహాల్ నీళ్లలో కలుస్తుంది, కొవ్వులో దాదాపుగా కలవదు. ఒంట్లో నీళ్లు ఎక్కువగా ఉండేది కండలో. ముప్ఫై తొమ్మిదేళ్లప్పుడు ఆయన బరువులో సుమారు 60 శాతం నీళ్లు, అంటే 39 లీటర్లు. ఇప్పుడు తూకం అదే 65 కిలోలు చూపిస్తున్నా, కండ కరిగి ఆ చోట కొవ్వు చేరింది. నీళ్లు 50 శాతానికి, అంటే 32 లీటర్ల చిల్లరకి దిగాయి. అదే చెంచాడు కారం పెద్ద గిన్నెడు పులుసులో వేయడానికీ, చిన్న గిన్నెలో వేయడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. అప్పుడు లీటరు నీటికి 1.4 గ్రాములుగా ఉన్నది ఇప్పుడు దాదాపు 1.7 అవుతుంది. చుక్క కూడా ఎక్కువ తాగకుండానే రక్తంలో మద్యం ఐదో వంతు పెరిగింది. ఆడవాళ్లలో నీటి శాతం మొదటినుంచే తక్కువ కాబట్టి ఈ తేడా వాళ్లని ఇంకా ముందే పట్టుకుంటుంది.

తర్వాతది లివర్. వయసు మీదపడే కొద్దీ లివర్ కాస్త చిన్నదవుతుంది, దానికి చేరే రక్తం తగ్గుతుంది. "ముసలితనంలో లివర్ పనిచేయదు" అనే మాట మాత్రం అతిశయోక్తి. జబ్బు లేని లివర్ ఈ వయసులోనూ గంటకి ఏడు గ్రాముల దాకా ఆల్కహాల్‌ని కాల్చగలదు. అసలు సంగతి ఏమిటంటే దానికి తొందర తెలియదు. రక్తంలో ఎంత ఉన్నా దాని వేగం దానిదే. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, చన్నీళ్ల స్నానం దేనికీ ఆ వేగం పెరగదు. గంటకి ఏడు చొప్పున 54 గ్రాములకి ఏడున్నర గంటలకు పైనే పడుతుంది. ఎనిమిదిన్నరకి మొదటి గుక్క వేస్తే పూర్తిగా ఖాళీ అయ్యేసరికి తెల్లవారుజాము నాలుగు దాటుతుంది. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో కొవ్వు పట్టిన లివర్ మామూలే. అది ముదిరి లివర్ గట్టిపడిందంటే లెక్క ఇంకా సాగుతుంది.

రెండున్నరకి, అంటే ఆయన తాగడం మొదలుపెట్టిన ఆరు గంటలకి, ఒంట్లో ఇంకా 12 గ్రాములదాకా మిగిలి ఉంది. అది కొంచెమే. నోరు వాసన కూడా పెద్దగా రాదు. "మత్తు దిగిపోయింది కదా, మరెందుకు పడ్డాడు?" అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

పగటి బీపీ, రాత్రి బీపీ

మద్యం బీపీని పెంచుతుందని అందరికీ తెలుసు. ముందు తగ్గించి, తర్వాత పెంచుతుందన్నది తెలిసినవాళ్లు తక్కువ. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2020 సమీక్షలో తేల్చింది ఇదే: 30 గ్రాములకు పైబడి తాగితే మొదటి 12 గంటలపాటు బీపీ తగ్గుతుంది, 13 గంటలు దాటాక పెరుగుతుంది.

ఈ రెండు ముక్కల్నీ మన పెద్దాయన రోజు మీద పరిచి చూడండి. రాత్రి ఎనిమిదిన్నరకి గ్లాసు ముందు కూర్చుంటారు. తెల్లారి ఎనిమిదిన్నర దాకా బీపీ తగ్గి ఉంటుంది. ఆయన క్లినిక్‌కి వెళ్లేది పదకొండింటికి, టోకెన్ దొరికాక. అప్పటికి 13 గంటలు దాటిపోయింది. డాక్టరు కఫ్ చుట్టి చూస్తే 158/92. మాత్ర చాలడం లేదని ఆమ్లోడిపిన్ చేరుస్తారు. కళ్ల ముందున్న అంకెను బట్టి ఆయన చేసింది సబబే. కానీ కొత్తగా చేర్చిన మాత్ర రాత్రి కూడా పనిచేస్తుంది, రాత్రి ఉన్నదేమో వేరే బీపీ. దాన్ని ఎవరూ కొలవలేదు.

మనిషి పడుకున్నవాడు లేవగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ జారుతుంది. వయసులో ఉన్నవాళ్లకి రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దాన్ని పైకి తోస్తాయి, గుండె వేగం పెంచుతుంది, మనకి తెలియను కూడా తెలియదు. డెబ్బై దగ్గరపడిన మనిషిలో ఈ స్పందన ఎలాగూ నెమ్మదిస్తుంది, షుగర్ నరాల్ని దెబ్బతీసి ఉంటే ఇంకా. దాని మీద మద్యం ఆ నాళాల్ని బిగుసుకోనివ్వదు. ఆమ్లోడిపిన్ వాటిని వదులు చేస్తుంది. టామ్సులోసిన్ ప్రోస్టేట్ కండరాన్ని సడలించడానికి ఇచ్చిందే అయినా రక్తనాళాలనీ కొంత సడలిస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని నీటినీ ఉప్పునీ బయటికి పంపుతుంది. మద్యం కూడా మూత్రాన్ని ఆపి ఉంచే హార్మోన్‌ని అణచి అదే పని చేస్తుంది, అందుకే రాత్రి రెండున్నరకి లేవాల్సి వచ్చింది. ఒక్కోటీ విడిగా చూస్తే చిన్న తోపే. అన్నీ ఒకే వైపు నుంచి తోస్తున్నాయి.

చీకట్లో, ఇరుకు బాత్రూంలో నిలబడి మూత్రం పోస్తే ఇంకొక తోపు. మూత్రాశయం ఖాళీ అయ్యే క్షణంలో బీపీ ఇంకాస్త పడుతుంది. రాత్రిపూట మద్యం తాగిన మగవాళ్లు బాత్రూంలో స్పృహ తప్పడానికి ఇది పాత కారణం. కూర్చుని పోయడం చిన్నతనం అనుకునే మగవాళ్లకి, కూర్చునే పోయండి అనడం కన్నా మంచి సలహా నా దగ్గర లేదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరం అవసరం లేదు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే చాలు. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఇంకోసారి చూడాలి, పక్కన ఎవరైనా ఉండగా. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిందంటే పడిపోయే ముప్పు ఉన్నట్టే. మద్యం తాగిన రాత్రి, తాగని రాత్రి విడివిడిగా రాసిపెట్టుకుంటే డాక్టరుకి అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు.

"తాగిన రోజు మాత్ర మానేస్తే పోలా?" అనేది చాలా ఇళ్లలో నడిచే ఉపాయం. పోదు. ఈ మాత్రల్లో చాలావాటి పనితనం 24 గంటలపాటు ఉంటుంది, ఆమ్లోడిపిన్‌ది అంతకన్నా ఎక్కువే. ఇవాళ్టిది మానేస్తే రేపు పగలు, అసలే మద్యం వల్ల బీపీ పెరిగే వేళకి, మాత్ర అండ లేకుండా పోతుంది.

తాగినవాడిలా కనిపించే షుగర్ డౌన్

బీపీ పడిందంటే లేవగానే పడతారు. షుగర్ పడటం అలా కాదు, నిదానంగా వస్తుంది, మనల్ని మోసం కూడా చేస్తుంది.

రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకి కావలసిన గ్లూకోజ్‌ని లివర్ సరఫరా చేస్తుంది. ముందు తన దగ్గర దాచుకున్న నిల్వలోంచి ఇస్తుంది, అది తరిగాక కొత్తగా తయారుచేస్తుంది. ఆల్కహాల్‌ని కాలుస్తున్నంతసేపూ ఈ కొత్త తయారీ మూలపడుతుంది. రెండు పనులకీ లివర్ వాడే సరంజామా ఒకటే, అది ఆల్కహాల్ దగ్గర ఇరుక్కుపోతుంది. కడుపునిండా తిన్నవాడికి నిల్వ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. మన పెద్దాయన ఎనిమిదింటికి గ్లిమెపిరైడ్ వేసుకున్నారు, "తిండికి ముందు" అని రాసి ఉంది కాబట్టి. తర్వాత గ్లాసు, గుప్పెడు పల్లీలు. పదింటికి ఆవిడ వడ్డిస్తే నాలుగు ముద్దల పెరుగన్నం తిని లేచారు, తాగాక అన్నం సయించదు.

గ్లిమెపిరైడ్‌కి ఆయన తిన్నదీ లేనిదీ తెలియదు. షుగర్ ఎంత ఉందో చూసుకోకుండా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, ఒక రోజంతా చేయిస్తుంది. బయటినుంచి తిండి రాలేదు, లోపలినుంచి లివర్ ఇవ్వడం లేదు, ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేస్తోంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకీ ఇదే పరిస్థితి. గ్లైబెన్‌క్లమైడ్ అనే పాత మాత్ర ఇంకా వాడుతున్న పెద్దవాళ్లు ఉన్నారు, దానితో అయితే మరీ భయం. వయసుతో కిడ్నీలు నెమ్మదించినప్పుడు అది ఒంట్లోనే పేరుకుపోతుంది.

షుగర్ 70 కిందికి దిగితే చెమటలు, వణుకు, గుండెదడ రావాలి. ఇంకా దిగితే మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది, చిరాకు పడతారు, నిద్రలోకి జారిపోతారు. ఈ వరుస ఇంకోసారి చదవండి. తాగిన మనిషి కూడా అచ్చం ఇలాగే ఉంటాడు. అందుకే ఇంట్లోవాళ్లు "పడుకోనివ్వండి, పొద్దునకి దిగిపోతుంది" అంటారు. పదేళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకి ఆ ముందస్తు వణుకు రాకపోవచ్చు. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీపీ మాత్రలు వాడుతుంటే దడ, వణుకు అణిగిపోతాయి, చెమట మాత్రం పడుతుంది. చల్లటి చెమటతో బనీను తడిసి ఉందంటే అది మత్తు అనుకుని వదిలేయకూడదు.

తేడా కనిపెట్టేది ఒక్కటే, గ్లూకోమీటర్. వాసన వస్తున్నా సరే, తాగారని కళ్లారా చూసినా సరే, మనిషి తేడాగా ఉంటే వేలికి సూది గుచ్చి చూడాల్సిందే. మన పెద్దాయనకి ఆ రాత్రి చూస్తే 54. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి, పెరిగాక ఏదైనా తినిపించాలి. అక్కడితో ఆగితే పొరపాటు. గ్లిమెపిరైడ్ ఇంకా ఒంట్లో ఉంది, తెల్లారేలోగా షుగర్ మళ్లీ పడుతుంది. గంట గంటకీ చూసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లడమే మేలు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అది లివర్ నిల్వలోంచి గ్లూకోజ్‌ని బయటికి తీస్తుంది. తాగి, సరిగా తినని రాత్రి ఆ నిల్వే ఉండదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్‌ని ఇంతగా పడేయదు. కిడ్నీలు బాగాలేని మనిషి అతిగా తాగితే దానితో రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వేరే ప్రమాదం. ఈమధ్య షుగర్‌కి విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌లతో ఇంకో తిరకాసు ఉంది. తిండి మానేసి తాగితే మీటర్లో షుగర్ మరీ ఎక్కువ లేకుండానే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి వాంతులు, ఆయాసం రావచ్చు. షుగర్ 200 ఉంది కదా అని ఊరుకుంటే అక్కడ దెబ్బతింటారు.

మూడు వారాల తర్వాత

ఆ రాత్రి ఆయనకి తల వెనక చిన్న బొప్పి కట్టింది. చక్కెర నీళ్లు తాగాక తేరుకున్నారు. "ఏం కాలేదు, గడప తగిలింది" అన్నారు. ఆసుపత్రి మాట ఎవరూ ఎత్తలేదు.

వయసుతో మెదడు కొంచెం ముడుచుకుంటుంది, ఏళ్ల తరబడి మద్యం తాగేవాళ్లలో ఇంకొంచెం. పుర్రెకీ మెదడుకీ మధ్య సందు పెరిగి, ఆ సందు దాటి వెళ్లే సన్నటి సిరలు తీగల్లా సాగి ఉంటాయి. చిన్న కుదుపుకి ఒకటి తెగితే రక్తం ధారగా కారదు, చెమ్మలా ఊరుతుంది. రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లలో అది ఆగడం కష్టం. మెదడు ముడుచుకున్నందువల్ల లోపల చోటుంది కాబట్టి వారాలపాటు ఏమీ తెలియదు. మూడో వారంలో ఆయన పగలు కూడా కునుకు తీయడం మొదలుపెట్టారు. ఎడమ కాలి చెప్పు జారిపోతోంది. పేపరు పట్టుకుని అదే పేజీ చూస్తూ కూర్చుంటున్నారు. "వయసు" అన్నారు కొందరు, "మందు ఎక్కువైంది" అన్నారు ఇంకొందరు. కూతురు వచ్చి సీటీ స్కాన్ తీయిస్తే మెదడు పైపొర కింద పాత రక్తం గడ్డ. తలకి తగిలిన ఏ పెద్దవారిలోనైనా నెల రోజులలోపు ఇలాంటి మార్పు వస్తే, దెబ్బ ఎంత చిన్నదైనా, స్కాన్ అడగాలి.

పుర్రెకి చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేశారు. అడ్మిట్ చేసేటప్పుడు డ్యూటీ డాక్టరు అడిగారు: "అలవాట్లేమైనా ఉన్నాయా అమ్మా?" ఆవిడ చుట్టూ ఉన్న బంధువుల్ని చూసి "అబ్బే, ఏం లేవండీ" అన్నారు. మూడో రోజు పెద్దాయన చేతులు వణుకుతున్నాయి, గోడ మీద బల్లులు పాకుతున్నాయంటున్నారు, సెలైన్ పైపు లాగేస్తున్నారు. రోజూ తాగే ఒంటికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే సాధారణంగా రెండో, మూడో రోజున వచ్చేది ఇదే. పెద్దవాళ్లలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అలవాటు ముందే తెలిసి ఉంటే విటమిన్ బి1తోనూ, వణుకు రాకుండా ఆపే మాత్రలతోనూ చాలావరకు నిలవరించగలిగేవారు. అందుకే ఇంట్లో కూడా "రేపటినుంచి బంద్" అని సీసా పారబోయడం కన్నా డాక్టరుకి చెప్పి తగ్గించుకుంటూ రావడం మంచిది. తెలంగాణ పల్లెల్లో కల్లు తాగే పెద్దవాళ్ల విషయంలో ఇది రెండింతలు వర్తిస్తుంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలు కలిపినప్పుడు ఒళ్లు అలవాటు పడేది వాటికి కూడా.

"మరి ఎంతవరకు ఫర్వాలేదు?" అని అందరూ అడుగుతారు. అమెరికా ప్రభుత్వ మద్య పరిశోధన సంస్థ ఎన్ఐఏఏఏ 65 దాటినవారికి చెబుతూ వచ్చిన పరిమితి వారానికి ఏడు డ్రింకులు. వాళ్ల డ్రింకు అంటే 14 గ్రాములు, మన విస్కీలో 40 మిల్లీలీటర్ల చిల్లర. అంటే వారమంతటికీ కలిపి 290 మిల్లీలీటర్లు. మన పెద్దాయన వారానికి తాగుతున్నది 1120. పైగా ఆ పరిమితి ఆరోగ్యంగా ఉండి, ఏ మాత్రలూ వాడనివారికి. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి నా దృష్టిలో ఆ 290 కూడా లెక్కలోకి రాదు. వీళ్లు డాక్టరుతో మాట్లాడాల్సింది పరిమితి గురించి కన్నా మాత్ర గురించి. లినాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ లాంటి షుగర్ మాత్రలు తమంతట తాము షుగర్‌ని అరుదుగా పడేస్తాయి. అయితే "నేను రాత్రి తాగుతాను, తాగాక సరిగా తినను" అని చెప్పకపోతే మార్చాలని డాక్టరుకి ఎలా తోస్తుంది?

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మద్యం జోలికి పోలేదు. గ్లిమెపిరైడ్ మార్చారు. నెలన్నర తర్వాత అదే క్లినిక్, అదే పదకొండు గంటల టోకెన్. ఈసారి ఆవిడ చేతిలో ఇంట్లో రాసిన కాగితం ఉంది, పడుకున్నప్పటి బీపీ, నిలబడినప్పటి బీపీ. డాక్టరు కఫ్ చుట్టి చూస్తే 126/76. కాగితం చూసి, చీటీ మీద ఆమ్లోడిపిన్‌ని అడ్డంగా కొట్టేశారు.

"అయితే సార్," అన్నారు పెద్దాయన, "ఇన్నాళ్లుగా ఆ మాత్ర నేను విస్కీ కోసం వేసుకున్నట్టా?"